ఐదు టీమ్‌లు, ఒక తాళం: మా ఇంటిగ్రేషన్ ప్లానింగ్ (నా అనుభవం)

నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం టెస్ట్ బెంచ్ చుట్టూ పదకొండు మందిమి నిలబడి ఉన్నాం. చెక్క పలక మీద ఆరు ఎలక్ట్రానిక్ తాళాలు వరుసగా బిగించి ఉన్నాయి, పక్కన స్క్రీన్ మీద క్లౌడ్ లాగ్ నడుస్తోంది. మొదటి మైల్‌స్టోన్ ఆ రోజే. ప్లానింగ్ బోర్డు మీద ఆ మైల్‌స్టోన్‌కి సంబంధించిన కార్డులన్నీ పచ్చగా, అంటే పని అయిపోయినట్టు ఉన్నాయి, కాబట్టి అరగంటలో ముగించుకుని వెళ్లిపోతామనే అనుకున్నాం. ఫర్మ్‌వేర్ లీడ్ చేత్తో మొదటి తాళం తిప్పాడు, మోటార్ శబ్దం వచ్చింది, తలుపు తెరుచుకున్న సంగతి క్లౌడ్‌కి వెళ్లింది, క్లౌడ్ దాన్ని తీసుకుని పారేసింది. రెండో తాళం కూడా అంతే. ఆరు తాళాలూ అంతే. లాగ్‌లో ప్రతి లైన్ పక్కనా కారణం ఒక్కటే రాసి ఉంది: సందేశం మరీ పాతది. తేదీ చూస్తే 1970, జనవరి 20.

ఆ రోజు సాయంత్రానికే అది సరిచేశాం. కానీ అంత చిన్న తప్పు పచ్చ కార్డుల కింద అన్నాళ్లు ఎలా దాక్కుందో వెతుకుతూ పోయాక మా ప్లానింగ్ తీరంతా మారింది. దాని గురించే రాస్తున్నాను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. ఫోన్‌తో తెరిచే ఎలక్ట్రానిక్ తాళం. ఫర్మ్‌వేర్ టీమ్ తాళం లోపలి చిప్ మీద నడిచే ప్రోగ్రామ్ రాస్తుంది. క్లౌడ్ టీమ్ తాళానికీ ఫోన్‌కీ మధ్య నిలబడే సర్వర్ చూస్తుంది. మొబైల్ టీమ్‌ది యాప్. ప్రొవిజనింగ్ టీమ్ ఫ్యాక్టరీలో ప్రతి తాళానికీ ఒక ఐడీ, ఒక రహస్య కీ ఎక్కించే స్టేషన్ తయారు చేస్తుంది. ఐదోది టెస్ట్ టీమ్, నేను అందులోంచే వచ్చి ఈ విడుదలకి ఇంటిగ్రేషన్ లీడ్‌ని అయ్యాను. మా చేతిలో పన్నెండు వారాలు, అంటే రెండేసి వారాల స్ప్రింట్‌లు ఆరు. మైల్‌స్టోన్‌లు మూడు: నాలుగో వారానికి తాళం క్లౌడ్‌తో మాట్లాడాలి, ఎనిమిదో వారానికి దూరం నుంచి ఫోన్‌తో తాళం తెరవాలి, పన్నెండో వారానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త తాళాన్ని కొత్త యూజర్ తనంతట తాను నమోదు చేసుకుని వాడగలగాలి.

ప్లానింగ్ రెండు రోజులు చేశాం. స్కేల్డ్ ఎజైల్ పద్ధతిలో దీన్ని పీఐ ప్లానింగ్ అంటారు, సాధారణంగా 8 నుంచి 12 వారాల పనికి ఒకసారి అందరూ ఒకచోట కూర్చుని చేస్తారు. మేం ఆ పద్ధతిని పూర్తిగా పాటించలేదు కానీ డిపెండెన్సీ బోర్డు మాత్రం అక్కడిదే తీసుకున్నాం. గోడ మీద అడ్డంగా ఆరు స్ప్రింట్‌లు, నిలువుగా ఐదు టీమ్‌లు. ఒక టీమ్ ఇంకో టీమ్‌కి ఏదైనా ఇవ్వాలంటే ఇచ్చేవాళ్ల వరుసలో, ఇచ్చే స్ప్రింట్‌లో ఒక కార్డు, తీసుకునేవాళ్ల వరుసలో, అది కావలసిన స్ప్రింట్‌లో ఇంకో కార్డు, రెండిటి మధ్య ఎర్ర దారం. దారం ఎడమ నుంచి కుడికి వెళ్తే మంచిదే. వెనక్కి వాలితే, అంటే ఇచ్చే రోజు కంటే కావలసిన రోజు ముందుంటే, అక్కడ ఆగి మాట్లాడుకోవాలి. రెండో రోజు సాయంత్రానికి 31 దారాలు తేలాయి, వాటిలో నాలుగు వెనక్కి వాలి ఉంటే సరిచేశాం. ఇంకేమీ వాలి లేదు కదా అని ఫోటో తీసుకుని, కార్డులన్నీ టూల్‌లో ఎక్కించి ఇళ్లకి వెళ్లాం.

ఇప్పుడు ఆ 1970 సంగతికి వస్తాను. తాళం పంపే సందేశం ఇలా ఉంటుంది:

```json
{"lock_id": "L-0042", "event": "unlocked", "ts": 1700000000}
```

చివర ఉన్న `ts` అనేది సమయం, 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ లెక్క. ఫర్మ్‌వేర్ వాళ్లు సెకన్లలో పంపారు. క్లౌడ్ వాళ్లు అది మిల్లీసెకన్లు అనుకుని చదివారు. అంటే వెయ్యితో భాగించినట్టే, అప్పుడు తేదీ ఎక్కడికి పోతుందో చూడండి:

```
$ date -u -d @1700000
Tue Jan 20 16:13:20 UTC 1970
```

ఐదు నిమిషాల కంటే పాత సందేశాన్ని నమ్మకూడదు అనేది క్లౌడ్‌లో భద్రత కోసం పెట్టిన నియమం. పాత సందేశాన్ని ఎవరైనా పట్టుకుని మళ్లీ పంపి మోసం చేయకుండా అది కాపాడుతుంది. కాబట్టి 1970 నుంచి వచ్చిన సందేశాన్ని పారేయడం సరైన పనే. ఎవరి కోడ్ వాళ్ల వైపు నుంచి చూస్తే సరిగ్గానే ఉంది. ఫర్మ్‌వేర్ వాళ్లు తాము రాసుకున్న సిమ్యులేటర్‌తో పరీక్షించారు, అది సెకన్లే తీసుకుంటుంది. క్లౌడ్ వాళ్లు తాము చేత్తో తయారు చేసుకున్న నమూనా సందేశాలతో పరీక్షించారు, వాటిలో మిల్లీసెకన్లే ఉన్నాయి. రెండు వైపులా టెస్టులన్నీ పాసయ్యాయి. సందేశం ఎలా ఉండాలో రెండు టీమ్‌లూ రాసుకున్న ఒప్పంద పత్రంలో `ts` గడికి ఎదురుగా ఉన్న మాట "సమయం, పూర్ణాంకం". అంతే. చదివిన ఇద్దరికీ అందులో తప్పేమీ కనపడలేదు, ఎవరి అర్థం వాళ్లకి ముందే ఉంది కనుక.

ఆ రాత్రి నేను బోర్డు ముందు కూర్చుని ఆ కార్డు చరిత్ర తీసి చూశాను. "తాళం సందేశాల ఫార్మాట్, ఫర్మ్‌వేర్ నుంచి క్లౌడ్‌కి." రెండో వారం శుక్రవారం ఫర్మ్‌వేర్ టీమ్ దాన్ని పచ్చగా మార్చింది. వాళ్ల దృష్టిలో పని అయిపోయింది, పత్రం ఇచ్చేశారు, బిల్డ్ పెట్టేశారు. క్లౌడ్ టీమ్‌లో ఒక్కరు కూడా ఆ బిల్డ్‌ని తాళం మీద వేసి తమ సర్వర్‌కి కలిపి చూడలేదు, చూడమని బోర్డు వాళ్లని అడగనూ లేదు. ఇచ్చినవాళ్లు "ఇచ్చాం" అంటే కార్డు పచ్చబడుతుంది, తీసుకున్నవాళ్లకి అందిందా, అందింది పనిచేసిందా అనే ప్రశ్నకి మా బోర్డు మీద చోటే లేదు. చెక్కు రాసిచ్చిన రోజునే డబ్బు ఖాతాలో పడినట్టు మేం లెక్క రాసుకున్నాం.

మర్నాడు ఐదుగురు లీడ్‌లని పిలిచి ఒకే ఒక్క నియమం మార్చాను. కార్డుని ఇచ్చేవాళ్లు పసుపు వరకే తీసుకురాగలరు. పచ్చగా మార్చే హక్కు తీసుకునేవాళ్లదే, అది కూడా కార్డు మీద ముందే రాసుకున్న పరీక్ష చేసి చూశాకే. ఆ పరీక్ష ఒక వాక్యంలో ఉండాలి, కళ్లతో చూసేదై ఉండాలి. సందేశాల కార్డు మీద కొత్తగా రాసింది ఇది: "బెంచ్ మీద తాళం చేత్తో తిప్పితే పది సెకన్ల లోపు క్లౌడ్ లాగ్‌లో ఆ సంఘటన ఈ రోజు తేదీతో కనపడాలి." ఈ వాక్యం రెండో వారంలో ఉండి ఉంటే 1970 రెండో వారంలోనే బయటపడేది.

దానితో పాటు ఇంకో పని చేశాం. నమూనా సందేశాలు ఎవరికి వాళ్లు తయారు చేసుకోవడం మాని, అన్నీ ఒకే రిపోలో పెట్టాం. అవి నిజమైన తాళం నుంచి పట్టుకున్న సందేశాలే. రెండు టీమ్‌ల బిల్డ్‌లూ ప్రతిసారీ ఆ ఫైళ్లనే చదువుతాయి. ఎవరైనా ఫార్మాట్ మారిస్తే అవతలి వాళ్ల బిల్డ్ ఆ రోజే ఎర్రబడుతుంది, నాలుగు వారాలు ఆగాల్సిన పని లేదు.

ఈ కొత్త నియమం అంత సులభంగా కుదురుకోలేదు. మొదటి మంగళవారం మీటింగ్‌లోనే ఫర్మ్‌వేర్ లీడ్‌కి కోపం వచ్చింది. "బ్లూటూత్ బిల్డ్ మేం ఇచ్చి వారం దాటిందండీ, ఇంకా పసుపులోనే ఉంచారేంటి? పైనుంచి చూసేవాళ్లకి మేమే ఆలస్యం చేస్తున్నట్టు కనపడుతోంది," అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. మొబైల్ లీడ్ నెమ్మదిగా చెప్పింది, "బిల్డ్ తీసుకున్నామండీ, కానీ తాళం మీద వేసి చూడ్డానికి బెంచ్ దొరకలేదు. రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ ప్రొవిజనింగ్ వాళ్లు స్టేషన్ బిగించుకుని ఉన్నారు."

అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. ఆరు తాళాలున్న ఒకే ఒక్క బెంచ్ మీద ఐదు టీమ్‌లూ ఆధారపడి ఉన్నాయి, 31 దారాల్లో ఒక్కటి కూడా దాన్ని తాకలేదు. బెంచ్ ఒక టీమ్ కాదు కదా, దానికి వరుస లేదు, లీడ్ లేడు, మీటింగ్‌కి వచ్చి "నా దగ్గర ఖాళీ లేదు" అని చెప్పే మనిషి లేడు. ఆ రోజే బోర్డు మీద ఆరో వరుస గీసి "బెంచ్" అని రాశాం. రోజుని రెండు పూటలుగా విడదీసి, ఏ పూట ఏ టీమ్‌దో అందులో కార్డులు పెట్టాం. ఫర్మ్‌వేర్ లీడ్ ఆ వారం తన పూట ఒకటి మొబైల్ వాళ్లకి వదిలిపెట్టాడు, వాళ్లు గురువారం పరీక్షించారు, కార్డు శుక్రవారానికి పచ్చబడింది. అప్పటి నుంచి ఏ ప్రాజెక్టు బోర్డు చూసినా నా కళ్లు ముందు వెతికేది మనుషులు కాని వాటి కోసమే: పరీక్షించే పరికరాలు, సంతకం చేసే సర్టిఫికెట్లు, యాప్ స్టోర్ రివ్యూకి పట్టే రోజులు. ఇవి ఎవరి వరుసలోనూ ఉండవు, కానీ అందరినీ ఆపగలవు.

ఆ మీటింగ్‌కి ముందే, నాలుగో వారం చివర మళ్లీ ప్లానింగ్‌కి కూర్చున్నాం, ఈసారి ఒక పూటే. అప్పుడు బయటపడిన ఒక చిక్కుముడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దారాలు ఎంత జాగ్రత్తగా చూసినా అది కనపడదు.

ప్రొవిజనింగ్ స్టేషన్ పని చేయాలంటే తాళం ఐడీ చదివే కమాండ్ ఫర్మ్‌వేర్ ఇవ్వాలి. ఫర్మ్‌వేర్ వాళ్లు ఆ కమాండ్‌ని సెక్యూర్ బూట్‌తో, అంటే సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే తాళం నడిపే ఏర్పాటుతో కలిపి ఒకే బిల్డ్‌లో ఇస్తామన్నారు, దానికి బిల్డ్ మీద సంతకం చేసే సర్వీస్ క్లౌడ్ నుంచి రావాలి. క్లౌడ్ వాళ్లు ఆ సర్వీస్‌నీ, తాళాల కీలు దాచే చోటునీ ఒకే ముక్కగా కడుతున్నారు, కాబట్టి కీ ఫార్మాట్ ఏమిటో ప్రొవిజనింగ్ చెప్పాలి. ఈ మూడు దారాలూ బోర్డు మీద చక్కగా ముందుకే వాలి ఉన్నాయి. కీ ఫార్మాట్ రెండో స్ప్రింట్‌లో, సంతకం సర్వీస్ మూడో స్ప్రింట్‌లో, ఐడీ కమాండ్ నాలుగో స్ప్రింట్ మొదట్లో. చూడ్డానికి మెట్లలా ఉంది.

కానీ కీ ఫార్మాట్ కార్డు రెండో స్ప్రింట్ అయిపోవస్తున్నా పసుపు కూడా కాలేదు. ఎందుకని అడిగితే ప్రొవిజనింగ్ లీడ్ చెప్పిన జవాబు నాకు ఇంకా గుర్తుంది. "ఫార్మాట్ ఖాయం చేయాలంటే ఐడీ పొడవు ఎంతో తెలియాలి కదండీ, అసలు తాళం నుంచి చదివి చూస్తే గానీ చెప్పలేం." అంటే రెండో స్ప్రింట్‌లో ఇవ్వాల్సినది, నాలుగో స్ప్రింట్‌లో అందేదాని మీద ఆధారపడి ఉంది. ప్రొవిజనింగ్ ఫర్మ్‌వేర్ కోసం, ఫర్మ్‌వేర్ క్లౌడ్ కోసం, క్లౌడ్ మళ్లీ ప్రొవిజనింగ్ కోసం. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు గుండ్రంగా నిలబడి ఎదురుచూస్తున్నారు, ముగ్గురూ తమ ముందువాడే ఆలస్యం అనుకుంటున్నారు.

బోర్డు ఇది ఎందుకు చూపలేదంటే, మేం దారాలు కట్టింది టీమ్‌కీ టీమ్‌కీ మధ్య మాత్రమే. ఒకే టీమ్ వరుసలో ఉన్న రెండు కార్డుల మధ్య, అంటే ఆ టీమ్ తీసుకునేదానికీ, అదే టీమ్ ఇచ్చేదానికీ మధ్య ఉన్న సంబంధం లీడ్ తలలోనే ఉండిపోయింది. "అది మా లోపలి పని" అని ఎవరూ గోడ మీద పెట్టరు. చక్రం సరిగ్గా అక్కడే పూర్తవుతోంది.

అప్పటికప్పుడు అన్ని టీమ్‌లనీ ఇచ్చే కార్డు ప్రతిదాని మీదా ఒకే ప్రశ్న అడుగుతూ వెళ్లాను: "ఇది మీరు ఇవ్వాలంటే అంతకుముందు మీకు ఏం అందాలి?" జవాబు వచ్చిన చోటల్లా ఆ వరుస లోపలే నల్ల దారం కట్టాం. గంటన్నర పట్టింది. నల్ల దారాలు పద్నాలుగు వచ్చాయి. ఎర్రవీ నల్లవీ కలిపి వేలితో అనుసరిస్తూ వెళ్తే, బయలుదేరిన కార్డు దగ్గరికే తిరిగి వచ్చిన చోటు ఒక్కటే, ఇదే.

చక్రాన్ని తెంపాలంటే దానిలో ఏదో ఒక కార్డుని రెండు ముక్కలు చేయాలి. ఎవరినైనా తొందరపెడితే తెగదు. ఏది విడదీయడం చౌక అని చూశాం. ఐడీ చదివే కమాండ్‌కి నిజానికి సెక్యూర్ బూట్ అవసరం లేదు, రెండూ ఒకే బిల్డ్‌లో వెళ్తే సౌకర్యం అని కలిపారు, అంతే. ఆ కమాండ్ ఒక్కటే పెట్టి సంతకం లేని డెవలప్‌మెంట్ బిల్డ్ ఇవ్వడానికి ఫర్మ్‌వేర్‌కి రెండు రోజుల పని. బెంచ్ మీది తాళాల్లో మాత్రమే వేస్తాం, ఫ్యాక్టరీకి వెళ్లదు అని కార్డు మీదే రాశాం. ఆ బిల్డ్ వచ్చిన పూటే ప్రొవిజనింగ్ వాళ్లు ఐడీ చదివారు, 16 బైట్లు అని తేలింది, ఆ వారమే కీ ఫార్మాట్ ఇచ్చేశారు. మూడు టీమ్‌లని నెల రోజులు కూర్చోబెట్టగల ముడి రెండు రోజుల పనితో విడిపోయింది.

అదే రోజు ఇంకో లెక్క కూడా వేశాం, అది ఇంకా సాదా లెక్క. 31 దారాల్లో ఏ వరుస నుంచి ఎన్ని బయలుదేరుతున్నాయో లెక్కపెట్టాం. క్లౌడ్ నుంచి 13. అందులో ఆరు ఒక్క మూడో స్ప్రింట్‌లోనే. క్లౌడ్ టీమ్‌లో ఏడుగురున్నారు కానీ తాళం సందేశాల భాగం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒక్కో కార్డుకి సుమారు నాలుగు రోజులు అనుకున్నా ఆరు కార్డులకి 24 రోజులు. ఇద్దరికి స్ప్రింట్‌లో ఉండేవి 20 రోజులు, సపోర్టు డ్యూటీ, రివ్యూలు తీసేస్తే వాళ్లకి మిగిలేవి 14. ఏ దారమూ వెనక్కి వాలలేదు, కానీ ఇది జరిగే పని కాదు. దారం క్రమాన్ని చూపుతుంది, బరువుని చూపదు.

క్లౌడ్ లీడ్ అంతకుముందు ఈ మాట అనలేదా అంటే, అన్నాడు. ప్లానింగ్ రెండో రోజు "మా మీద కాస్త ఎక్కువే పడుతున్నట్టుందండీ" అన్నాడు. అప్పుడు ఎవరి దగ్గరా అంకె లేదు, కాబట్టి అందరం తలూపి ముందుకు వెళ్లిపోయాం. ఆ మాటని ఆ రోజే కాగితం మీద లెక్కగా మార్చి ఉండాల్సింది, ఆ బాధ్యత నాది.

ఆరు కార్డులనీ తగ్గించడానికి తీసుకునేవాళ్లని ఒక్కొక్కరినీ అడిగాను: "ఇది రెండు వారాలు ఆలస్యమైతే మీరు ఏం చేస్తారు?" ఎప్పటికి కావాలి అని అడిగితే ఎవరైనా "వెంటనే" అంటారు. ఇలా అడిగితే నిజం బయటికి వస్తుంది. మూడు కార్డుల విషయంలో "స్టబ్ ఇస్తే నెట్టుకొస్తాం" అన్నారు. ఒకటి, అతిథులకి తాత్కాలిక కోడ్ పంపే సౌకర్యం, విడుదల తర్వాత వచ్చినా ఫర్వాలేదని ప్రొడక్ట్ వాళ్లే ఒప్పుకున్నారు. నిజంగా ఆ స్ప్రింట్‌లోనే కావలసినవి రెండే మిగిలాయి.

స్టబ్ గురించి ఒక మాట. అసలు సర్వీస్ తయారయ్యే లోపు దాని బదులు నిలబెట్టే నకిలీని స్టబ్ అంటాం. మామూలుగా తీసుకునే టీమే తనకి కావలసినట్టు దాన్ని రాసుకుంటుంది, అది ఏం అడిగినా తక్షణం "సరే" అంటుంది. నేను పట్టుబట్టింది ఏమిటంటే, స్టబ్‌ని ఇచ్చే టీమే రాయాలి, అసలుది ఎంత నెమ్మదిగా జవాబిస్తుందో అంతే నెమ్మదిగా ఇది కూడా ఇవ్వాలి, అప్పుడప్పుడూ విఫలం కూడా కావాలి. క్లౌడ్ వాళ్లు సగం రోజు పెట్టి అలాగే రాశారు. మా తాళం బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతూ ఐదు సెకన్లకోసారి లేచి తనకి ఆదేశం ఏమైనా ఉందా అని అడుగుతుంది. అంటే ఫోన్‌లో బటన్ నొక్కాక తలుపు తెరుచుకోవడానికి ఐదు సెకన్ల పైన పట్టవచ్చు. యాప్ మాత్రం మూడు సెకన్లు చూసి "విఫలమైంది" అని చూపిస్తోంది. మొబైల్ టీమ్ వాళ్లకి ఇది ఆరో వారంలో, స్టబ్ మీదే, తమ డెస్క్ దగ్గరే దొరికింది. ఇది చిన్న విషయం కాదు: యాప్ "విఫలమైంది" అని చెప్పిన రెండు సెకన్లకి తలుపు నిజంగా తెరుచుకుంటుంది, మనిషి అప్పటికే వెళ్లిపోయి ఉండవచ్చు. తక్షణం "సరే" అనే స్టబ్‌తో అయితే ఎనిమిదో వారం బెంచ్ దగ్గర కనపడేది, లేదా అక్కడా కనపడక ఎవరింటి తలుపు దగ్గరో కనపడేది.

మైల్‌స్టోన్‌ల మాటలు కూడా అప్పుడే మార్చాం. "రిమోట్ అన్‌లాక్ పూర్తి" అని ఉన్నదాన్ని కొట్టేసి, "ఇంకో నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్ నుంచి 20 సార్లు నొక్కితే 20 సార్లూ ఎనిమిది సెకన్ల లోపు తాళం తెరుచుకోవాలి, యాప్‌లో 20 నమోదులూ సరైన తేదీ, సమయంతో ఉండాలి" అని రాశాం. "పూర్తి" అన్న మాటకి ఐదు టీమ్‌లకి ఐదు అర్థాలు ఉంటాయి. ఇలా రాస్తే వాదించడానికి ఏమీ ఉండదు.

తేదీల విషయంలో నాకు కళ్లు తెరిపించిన లెక్క ఒకటుంది. ఆ మైల్‌స్టోన్‌కి ఐదు కార్డులు అందాలి. ఒక్కోటి అనుకున్న రోజుకి అందే అవకాశం 90 శాతం అనుకుందాం, అది మంచి టీమే. ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే ఐదూ సమయానికి అందే అవకాశం 0.9ని ఐదుసార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 59 శాతం. ఎవరూ తప్పు చేయకుండానే సగానికి దగ్గరగా మైల్‌స్టోన్ జారిపోతుందన్నమాట. అందుకని ప్రతి టీమూ తన కార్డులో గుట్టుగా రెండు రోజులు కలుపుకోవడం మాన్పించి, ఆ రోజులని మైల్‌స్టోన్ ముందు అందరికీ కనపడేలా నాలుగు పనిదినాలుగా పెట్టాం. ఆ నాలుగు రోజుల్లో కొత్త పని ఏదీ ఉండదు, కలిపి చూడటమే.

మంగళవారం మీటింగ్ ఇరవై నిమిషాలకి మించనివ్వలేదు. బోర్డు అంతా చదవం. రాబోయే రెండు వారాల్లో కావలసిన కార్డులు మాత్రమే తీసుకుంటాం. ఇచ్చేవాళ్లని తేదీ నిలబడుతుందా అని, తీసుకునేవాళ్లని చేతిలో పెట్టుకుని చూశారా అని అడుగుతాం. తేదీ మార్చుకోవచ్చు, ఐదు పనిదినాల ముందు చెబితే ఎవరూ ఏమీ అనరు. మొదట్లో ఎవరూ నమ్మలేదు, ఆలస్యం అని ఒప్పుకుంటే తిట్లు తప్పవని చివరి రోజు దాకా పచ్చ అనే చెప్పేవాళ్లు. ఐదో వారంలో ప్రొవిజనింగ్ లీడ్ ముందుగానే "మాకు ఇంకో వారం పడుతుంది" అన్నాడు, నేను "సరే, మొబైల్ వాళ్లు ఈ లోపు ఏది ముందుకి జరుపుకుంటారు?" అని మాత్రమే అడిగి తర్వాతి కార్డుకి వెళ్లిపోయాను. ఆ తర్వాతి వారం ముగ్గురు తమంతట తాము తేదీలు మార్చారు.

ఎనిమిదో వారం బుధవారం మళ్లీ అదే బెంచ్. మొబైల్ లీడ్ ఫోన్ పట్టుకుని భవనం బయటికి వెళ్లింది, మేం లోపల తాళం ముందు నిలబడ్డాం. నొక్కిన ప్రతిసారీ మోటార్ శబ్దం కోసం అందరం చెవులు రిక్కించాం. 20లో 19 తెరుచుకున్నాయి. పదిహేనోసారి తాళం కదల్లేదు, యాప్ నిజాయితీగా "జవాబు రాలేదు" అని చూపింది. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు తాళం నిద్రలేచే వ్యవధి పెరుగుతుందని ఫర్మ్‌వేర్ వాళ్లకి తెలుసు, కార్డు మీద లేదు. మైల్‌స్టోన్ ఆ రోజు పచ్చబడలేదు. ముందు పెట్టుకున్న నాలుగు రోజుల్లో ఇంకా రెండు మిగిలి ఉన్నాయి, శుక్రవారం ఉదయం మళ్లీ నొక్కితే 20కి 20 వచ్చాయి.

మూడో మైల్‌స్టోన్ మాత్రం ఒక వారం జారింది. కొత్త తాళం నమోదులో యాప్ స్టోర్ రివ్యూ ఒకసారి వెనక్కి వచ్చింది, దాన్ని సరిచేసి మళ్లీ పంపాం. కానీ జారుతుందని మాకు తొమ్మిదో వారంలోనే తెలుసు, అమ్మకాల వాళ్లకి అప్పుడే చెప్పాం, వాళ్లు తమ తేదీ జరుపుకున్నారు.

వచ్చే విడుదలకి ప్లానింగ్ సోమవారం మొదలవుతుంది. ఈసారి ఏడు టీమ్‌లు. గోడ ఖాళీగానే ఉంది కానీ నేను ఒక కార్డు ముందే రాసి అంటించాను: "రెండో టెస్ట్ బెంచ్, పన్నెండు తాళాలు. తీసుకునేది ఏడు టీమ్‌లూ. కావలసింది మొదటి స్ప్రింట్ రెండో బుధవారం." ఇచ్చేవాళ్ల పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగా ఉంది, సోమవారం ఉదయం మొదటి ప్రశ్న అదే అడుగుతాను.